వెనక బెంచీ దాకా కనబడే స్లైడు: రంగు, అక్షరం సైజు, ఖాళీ ఎలా సరిచూసుకోవాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు కాలేజీల్లో సెమినార్లు మొదలయ్యాయంటే పేపర్ చదవబోయేవాళ్ళ దగ్గర్నుంచి వచ్చే ప్రశ్న ఒకటే. "మాస్టారూ, ల్యాప్‌టాప్‌లో చక్కగా ఉంది, హాల్లో వేస్తే వెనకవాళ్ళు కనబడటం లేదంటున్నారు. ఫాంటు ఎంత పెట్టమంటారు?" 24 పెట్టండి, 32 పెట్టండి అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు గానీ, హాలు చూడకుండా చెప్పే అంకె సగంసార్లు తప్పుతుంది. మన వైపు చాలా హాళ్ళలో నేల చదునుగా ఉంటుంది, కిటికీలకు తెరలుండవు, ప్రొజెక్టర్ పాతదై ఉంటుంది. పైగా ఒకే స్లైడులో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. అందుకే ముందు హాలును కొలిచి, ఆ కొలతల్ని బట్టి స్లైడు తయారుచేసుకునే పద్ధతి రాస్తున్నాను.

దగ్గర ఉండాల్సినవి

నిర్వాహకులకు ఒక ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి. తెర ఎన్ని అడుగుల వెడల్పు, ఎన్ని అడుగుల ఎత్తు? తెర నుంచి ఆఖరి బెంచీ ఎన్ని అడుగులు? ప్రొజెక్టర్ బొమ్మ పాత టీవీలా దాదాపు చదరంగా వస్తుందా (4:3), కొత్త టీవీలా పొడుగ్గా వస్తుందా (16:9)? తెర పైనున్న ట్యూబులైట్లకు వేరే స్విచ్ ఉందా? ఆఖరిది అడిగితే కొందరు నవ్వుతారు. అయినా అడగండి, ఎందుకో మూడో మెట్టులో చెప్తాను.

ఇవి కాక మీ ల్యాప్‌టాప్, ఒక టేపు, `Nirmala UI` ఫాంటు కావాలి. విండోస్‌లో ఈ ఫాంటు ముందే ఉంటుంది. తెలుగు, ఒడియా రెండూ ఇందులోనే ఉన్నాయి కాబట్టి మన వైపు పనికి ఇదే నయం. రెండు లిపులకు రెండు ఫాంట్లు వాడితే ఒకే సైజులో కూడా ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా కనబడుతుంది. విండోస్ లేనివాళ్ళు `Noto Sans Telugu`, `Noto Sans Oriya` జంటగా వాడుకోవచ్చు.

1. స్లైడు ఆకారం ముందు తేల్చుకోండి

పవర్‌పాయింట్ ఇప్పుడు ఏ కొత్త ఫైలైనా 16:9లోనే తెరుస్తుంది. పాత 4:3 ప్రొజెక్టర్ మీద దాన్ని వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. తెర 8 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ఉన్నా మీ బొమ్మ ఎత్తు నాలుగున్నర అడుగులే. పావు వంతు తెర వృథా, దాంతోపాటు అక్షరాలూ తగ్గిపోతాయి.

ప్రొజెక్టర్ 4:3 అని తెలిస్తే `Design > Slide Size > Standard (4:3)` పెట్టుకోండి. ఇది రాయడం మొదలుపెట్టకముందే చేయాలి. పూర్తయ్యాక మారిస్తే బొమ్మలూ పట్టికలూ చెదిరిపోయి సర్దుకోవడానికే రాత్రి గడుస్తుంది. ఏ ప్రొజెక్టరో ఎవరూ చెప్పలేకపోతే 16:9లోనే ఉంచి, కింది లెక్కలో తక్కువ ఎత్తు వేసుకోండి. అప్పుడు తప్పినా మీకు మంచి వైపే తప్పుతుంది.

2. అక్షరం సైజు లెక్క కట్టండి

లెక్క చిన్నదే:

```
ఫాంటు సైజు = (ఆఖరి బెంచీ దూరం ÷ బొమ్మ ఎత్తు) × 4
```

రెండు కొలతలూ అడుగుల్లోనే వేయండి. ఆఖరి బెంచీ 40 అడుగుల దూరంలో ఉండి, బొమ్మ ఎత్తు నాలుగున్నర అడుగులైతే 40ని 4.5తో భాగిస్తే దాదాపు 9, నాలుగుతో గుణిస్తే 36. అదే హాల్లో, అదే తెర మీద 4:3 స్లైడు వేస్తే ఎత్తు 6 అడుగులు, లెక్క 27కి దిగుతుంది. దాన్ని 28 చేసుకోండి. ఒకటో మెట్టు ఎందుకు ముందు పెట్టానో ఇక్కడ తెలుస్తుంది.

ఈ నాలుగు అనే అంకె కళ్ళ డాక్టరు చార్టు నుంచి కట్టుకున్నది. ఈ సైజులో అక్షరం, 6/6 వరసలోని అక్షరం కంటికి కనబడే దానికన్నా సుమారు రెండున్నర రెట్లు పెద్దగా కనబడుతుంది. అంటే చూపు 6/12కి తగ్గినవాళ్ళు కూడా చదవగలరు. సభలో రిటైరైన మాస్టార్లు ఎక్కువమంది ఉంటారనుకుంటే నాలుగుకు బదులు ఐదు వేసుకోండి. ఇది మామూలు పాఠానికి వర్తించే అంకె, శీర్షిక దీనికన్నా పెద్దదిగా ఉండాలి. ఇంతకన్నా చిన్న అక్షరం స్లైడులో ఎక్కడా ఉండకూడదు. గ్రాఫు అంచున ఉండే అంకెలకు కూడా ఇదే నియమం.

*గూగుల్ స్లైడ్స్ వాడేవాళ్ళకు హెచ్చరిక:* అక్కడ నాలుగుతో కాదు, మూడుతో గుణించాలి. పవర్‌పాయింట్ స్లైడు ఎత్తు 7.5 అంగుళాలు, గూగుల్ స్లైడ్స్‌లో మామూలుగా వచ్చే 16:9 స్లైడు ఎత్తు 5.625 అంగుళాలే. స్లైడే చిన్నది కాబట్టి అక్కడి 18, ఇక్కడి 24తో సమానం. స్నేహితుడి గూగుల్ ఫైలు చూసి "ఆయన 24 పెట్టాడు, నేనూ 24 పెట్టా" అంటే మీ అక్షరం ఆయన దానిలో ముప్పావు వంతే అవుతుంది.

*తెలుగుకు ఇంకో జాగ్రత్త:* పాయింట్లు ఒకటే అయినా అన్ని తెలుగు ఫాంట్లూ ఒకే ఎత్తులో ఉండవు. `Gautami` 28లో పెట్టి, పక్కనే `Nirmala UI` 28లో పెట్టి చూడండి, తేడా మీకే కనబడుతుంది. పై లెక్క ఒక మోస్తరు ఎత్తున్న ఫాంటుకే. సన్నగా, చిన్నగా కనబడే అలంకారపు ఫాంట్లు వాడితే ఇంకో 4 నుంచి 6 పాయింట్లు కలపండి. ద, ధ, థల మధ్య తేడా, ప, ఫ, ష, ఘల మధ్య తేడా చిన్న గీతలోనో చుక్కలోనో ఉంటుంది. ఇంగ్లీషు అక్షరం కాస్త మసకైనా పోల్చుకోవచ్చు, వీటిని పోల్చుకోవడం కష్టం.

3. రంగులు: కంప్యూటర్ చెప్పే అంకెను హాలు తినేస్తుంది

చాలామంది తడబడేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెప్తాను. రాతకూ వెనక రంగుకూ ఉన్న వెలుగు తేడాను కొలవడానికి కాంట్రాస్ట్ నిష్పత్తి వాడతారు. తెలుపు మీద నలుపైతే 21:1, అంతకు మించి లేదు. వెబ్ పేజీలకు ఉన్న డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు అక్షరానికి కనీసం 4.5:1, పెద్ద అక్షరానికి 3:1 ఉండాలంటుంది. `WebAIM Contrast Checker` అనే ఉచిత పేజీలో రెండు రంగుల కోడ్‌లు ఇస్తే నిష్పత్తి చెప్పేస్తుంది.

ఆ అంకె మానిటర్‌కు సంబంధించింది. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు, వెలుగును మాత్రమే వేయగలదు. స్లైడులో నలుపున్న చోట తెర మీద కనబడేది హాల్లో వెలుతురు పడ్డ తెల్లగుడ్డే.

అంకెల్లో చూద్దాం. ప్రొజెక్టర్ 2500 ల్యూమెన్లు, తెర 8×6 అడుగులు అనుకోండి. తెల్లటి చోట సుమారు 560 లక్సుల వెలుగు, అంటే చదరపు మీటరుకు 560 ల్యూమెన్లు, పడుతుంది. ట్యూబులైట్లు, కిటికీలు కలిసి అదే తెర మీద 200 లక్సులు వేస్తున్నాయనుకుందాం. అప్పుడు తెలుపు 760, "నలుపు" 200. మనం మురిసిపోయిన 21:1 కాస్తా 3.8:1కి వచ్చింది. అన్నిటికన్నా బలమైన జంటకే ఈ గతి పడితే మిగతా రంగుల సంగతి చూడండి:

- నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర అక్షరం (`#FF0000`): మానిటర్ మీద 5.25:1, పరీక్ష పాసే. ఆ హాల్లో 1.6:1. ముందు బెంచీకి కూడా కష్టమే.
- తెలుపు మీద బూడిద రంగు (`#767676`): మానిటర్ మీద 4.54:1, అదీ పాసే. హాల్లో 2.5:1.
- తెలుపు మీద ముదురు ఎరుపు (`#8B0000`): హాల్లో కూడా 3.3:1. నలుపుకు దగ్గరగానే నిలబడింది.

దీన్నిబట్టి నేను పాటించే నియమం ఇది: వెలుతురున్న హాల్లో తెల్లటి లేదా లేత మీగడ రంగు బ్యాక్‌గ్రౌండ్, దాని మీద నలుపు, ముదురు నీలం (`#000080`), ముదురు ఎరుపు. ముదురు బ్యాక్‌గ్రౌండే కావాలంటే దాని మీద తెలుపు, పసుపు వాడటమే నయం. ఎరుపు, నీలం, ముదురు ఆకుపచ్చ ఛాయలు హాలు వెలుతురులో కలిసిపోతాయి. వెబ్‌సైట్ అంకె చూసేటప్పుడు 4.5 దాటితే చాలనుకోకండి, స్లైడుకు 10 దాటనివ్వండి. తెలుపు మీద `#000080` అయితే 16:1 వస్తుంది.

ఇక స్విచ్ సంగతి. తెర పైనున్న ట్యూబులైట్లు ఆపి, పక్క కిటికీ మూసి, తెర మీద వెలుతురును 30 లక్సులకు తెస్తే తెలుపు 590, నలుపు 30 అవుతాయి. నిష్పత్తి దాదాపు 20:1కి చేరుతుంది. ఆ బూడిద రంగు కూడా మళ్ళీ 4.5:1కి వస్తుంది. స్లైడులో మీరు ఎంత కష్టపడ్డా ఆ ఒక్క స్విచ్ చేసినంత పని జరగదు. హాలంతా చీకటి చేయక్కర్లేదు, వెనక లైట్లు ఉండనివ్వండి, రాసుకునేవాళ్ళుంటారు.

ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళు ఏ సభలోనైనా ఉండొచ్చు. గ్రాఫులో "ఎర్ర గీత ఒడిశా, పచ్చ గీత ఆంధ్ర" అని పక్కన పెట్టె కట్టకండి. గీత చివరే పేరు రాసేయండి.

4. వరసల మధ్య ఖాళీ

ఇంగ్లీషు స్లైడుకు ఇదంత పెద్ద విషయం కాదు. తెలుగు, ఒడియాలకు మాత్రం ప్రాణం. పై వరసలోని వొత్తులు కిందికి దిగుతాయి, కింది వరసలోని గుడులు పైకి లేస్తాయి. పవర్‌పాయింట్ మామూలు థీమ్‌లో పాఠం వరసల ఖాళీ 0.9కి కుదించి ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళకు అది అందం. మనకు "స్వాతంత్ర్యం" కింద "శ్రీ" వచ్చినచోట రెండూ గుద్దుకుంటాయి.

పెట్టెను ఎంచుకుని `Home > Line Spacing > Line Spacing Options`లోకి వెళ్ళండి. `Multiple` పెట్టి `At` దగ్గర 1.1 ఇవ్వండి. పేరాల మధ్య `After` దగ్గర అక్షరం సైజులో సగం ఇవ్వండి, 28కి 14. ఒక పాయింటు రెండు వరసలుగా విరిగినప్పుడు ఆ రెండూ ఒకటేనని, కిందిది వేరే పాయింటని చూడగానే తెలియాలి. అందుకు పేరాల మధ్య ఖాళీ వరసల మధ్య ఖాళీకన్నా స్పష్టంగా ఎక్కువుండాలి.

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక వరసలో "రాష్ట్రం, వస్త్రం, స్వాతంత్ర్యం" అని, కింది వరసలో "కీర్తి, శ్రీ, గీత" అని టైపు చేయండి. రెంటి మధ్యా సన్నటి తెల్ల దారి కనబడాలి. కనబడకపోతే 1.2 చేయండి. ఒకే పెట్టెలో ఇంగ్లీషు, తెలుగు, ఒడియా కలిసుంటే, ఎక్కువ ఖాళీ కావాల్సిన లిపికి తగినట్టు మొత్తం పెట్టెకు పెట్టండి.

అక్షరాల మధ్య ఖాళీని ముట్టుకోవద్దు, `Normal`లోనే ఉంచండి. ఇటాలిక్ వద్దు, తెలుగు అక్షరాన్ని వంచితే అందమూ పోతుంది, పోలికా పోతుంది. రెండు అంచులూ సమంగా ఉండే `Justify` కూడా వద్దు. మన పదాలు పొడుగు, మధ్యలో పెద్ద పెద్ద గండ్లు పడతాయి.

5. కింది అయిదో వంతు ఖాళీగా వదలండి

చదును నేల హాల్లో వెనకవాళ్ళకు తెర అడుగు భాగం ముందువాళ్ళ తలల వెనక ఉంటుంది. అక్కడ ఏం రాసినా వృథా. కాలేజీ పేరు, లోగో, తేదీ అంటూ కింద పట్టీ వేసుకునేవాళ్ళు ఉంచుకోండి, అది కనబడకపోయినా నష్టం లేదు. పట్టికలో "మొత్తం" వరస మాత్రం అక్కడ పడకూడదు.

6. తనంతట తాను తగ్గించుకునే అలవాటు మాన్పించండి

పెట్టెలో రాత ఎక్కువైతే పవర్‌పాయింట్ మీకు చెప్పకుండా అక్షరం సైజూ, వరసల ఖాళీ రెండూ తగ్గించేస్తుంది. మీరు 28 అనుకుంటారు, అక్కడ 21 ఉంటుంది. పెట్టె మీద రైట్ క్లిక్ చేసి `Format Shape > Text Options > Text Box`లో `Do not Autofit` ఎంచుకోండి. ఇప్పుడు రాత పెట్టె దాటి కిందికి పోతుంది. ఎంత ఎక్కువైందో అప్పుడు మీకే తెలుస్తుంది. తగ్గించాల్సింది మాటలను, సైజును కాదు.

ఒక స్లైడును సరిచేసి చూద్దాం

పర్లాకిమిడిలో ఒక లెక్చరర్‌గారి స్లైడు అనుకోండి. గిడుగు రామమూర్తి సవర భాష మీద చేసిన పని గురించి. నల్ల బ్యాక్‌గ్రౌండ్, ఎర్ర శీర్షిక, తెల్లటి పాఠం. సవర మాటలను తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో చూపించే పదకొండు వరసలు. ఆకారం 16:9, సైజు 20. హాలు మనం పైన లెక్క వేసిందే: 8×6 తెర, 4:3 ప్రొజెక్టర్, ఆఖరి బెంచీ 40 అడుగులు.

కావాల్సింది 36, ఉన్నది 20. ముందు ఆకారం 4:3 చేస్తే కావాల్సింది 28కి దిగింది. తర్వాత స్లైడు ఎత్తు చూద్దాం. మొత్తం 540 పాయింట్లు. కింది అయిదో వంతు, అంటే 108 వదిలేస్తే 432. శీర్షిక 40 సైజులో, దాని కింద ఖాళీతో కలిపి 70 దాకా తీసుకుంటుంది. మిగిలింది 360. తెలుగు వరస 28 సైజులో, 1.1 ఖాళీతో 41 పాయింట్లు తీసుకుంటుంది. పేరా ఖాళీ 14 కలిపితే 55. మొత్తం ఆరు వరసలు పడతాయి.

పదకొండు వరసలు ఆరులో పట్టవు. కాబట్టి స్లైడును రెండు చేసి, ఒకదాంట్లో ఆరు, రెండోదాంట్లో అయిదు వరసలు పెట్టాలి. మూడు లిపులూ అడ్డంగా పట్టకపోతే సభలో ఎక్కువమంది చదివే రెండింటిని ఉంచి, మూడోది కరపత్రంలో ఇవ్వడం మేలు. బ్యాక్‌గ్రౌండ్ తెలుపు, శీర్షిక `#8B0000`, పాఠం నలుపు. "రెండు స్లైడులైతే టైము సరిపోదు కదా" అంటారు. చెప్పే మాటలు అవే, నొక్కే బటన్ ఒకటి ఎక్కువ, అంతే.

హాలుకు వెళ్ళకుండానే సరిచూసుకోవడం

ఆఖరి బెంచీ దూరాన్ని తెర వెడల్పుతో భాగించండి. 40ని 8తో భాగిస్తే 5. మీ ల్యాప్‌టాప్ తెర వెడల్పు టేపుతో కొలవండి, 14 అంగుళాల ల్యాప్‌టాప్ అయితే సుమారు 31 సెంటీమీటర్లుంటుంది. దానికి అయిదు రెట్లు అంటే 155 సెంటీమీటర్లు, సుమారు అయిదు అడుగులు. స్లైడ్ షో పెట్టి, అంత దూరంలో నిలబడి చదవండి. ఆఖరి బెంచీ నుంచి మీ స్లైడు ఇంతే కనబడుతుంది. ప్రొజెక్టర్ 4:3, ల్యాప్‌టాప్ 16:9 అయితే స్లైడు ల్యాప్‌టాప్ మీద ఆక్రమించిన వెడల్పునే కొలవాలి, నల్ల పట్టీలను కలపొద్దు.

మీరే రాసింది మీకు కంఠతా వచ్చు, కాబట్టి మీ కళ్ళను నమ్మకండి. పాఠం ఎప్పుడూ చూడనివాళ్ళను, ఇంట్లో పెద్దవాళ్ళయితే మరీ మంచిది, అక్కడ నిలబెట్టి పైకి చదవమనండి. తడుముకున్న చోట గుర్తు పెట్టుకోండి. సాధారణంగా అది వొత్తు ఉన్న మాటో, గ్రాఫులో అంకో అయ్యుంటుంది.

రంగులకు రెండు పరీక్షలు. విండోస్ `Settings > Accessibility > Color filters`లో `Grayscale` పెట్టి, రంగు పోయాక కూడా అంతా చదవగలుగుతున్నారా చూడండి. తర్వాత మామూలు రంగులోకి వచ్చి, పట్టపగలు కిటికీ వెలుగు నేరుగా ల్యాప్‌టాప్ తెర మీద పడేలా తిప్పి చూడండి. హాలులో జరిగేది సరిగ్గా ఇదే కాకపోయినా, ఏ రంగు ముందు మాయమవుతుందో తెలుస్తుంది.

సభ రోజు

పెన్‌డ్రైవ్‌లో పవర్‌పాయింట్ ఫైలుతోపాటు పీడీఎఫ్ కూడా పెట్టుకోండి. అక్కడి కంప్యూటర్‌లో మీ ఫాంటు లేకపోతే ఇంకో ఫాంటు వచ్చి కూర్చుంటుంది, వరసలు విరిగే చోటు మారుతుంది, మీరు కట్టిన లెక్కంతా పోతుంది. పాత `Anu` ఫాంట్లలో టైపు చేసినదైతే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. పీడీఎఫ్‌లో అక్షరం ఉన్నదున్నట్టు ఉంటుంది. యానిమేషన్లు పోతాయి, పోనివ్వండి.

పది నిమిషాలు ముందు వెళ్ళి, అన్నిటికన్నా రద్దీగా ఉన్న స్లైడును తెర మీద వేయించి, ఆఖరి బెంచీ దాకా నడిచి చూడండి. బాగోలేకపోతే ముందు తెర దగ్గరి లైట్లు ఆపించండి. ఇంకా చాలకపోతే ప్రొజెక్టర్ మెనూలో ఎకో మోడ్ ఉందేమో చూసి తీసేయించండి, చాలాచోట్ల దీపం ఆదాకని అది పెట్టి వదిలేస్తారు. మాట్లాడుతుండగా ఎవరైనా "కనబడటం లేదండీ" అంటే స్లైడ్ షోలోనే `Ctrl` పట్టుకుని `+` నొక్కితే ఆ భాగం పెద్దదవుతుంది, `Ctrl` తో `-` నొక్కితే మళ్ళీ మామూలుకొస్తుంది. పీడీఎఫ్‌లో కూడా ఇవే మీటలు.